బడి ముందరి మోరీ: స్థానిక పాలన పాఠానికి ఒక నమూనా

స్థానిక ప్రభుత్వం గురించి బడిలో చెప్పే పాఠం చాలాచోట్ల ఒక నిచ్చెన బొమ్మతో మొదలై అక్కడే ముగుస్తుంది. కింద గ్రామ పంచాయతీ, దాని మీద మండల పరిషత్, ఆపైన జిల్లా పరిషత్. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందనీ, పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయనీ పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. అదే పిల్లలను బడి గేటు ముందు నిలిచిన మురుగునీరు ఎవరు తీయించాలని అడిగితే, ఎక్కువమంది చెప్పే జవాబు ‘సర్పంచ్’, లేకపోతే ‘ప్రభుత్వం’. ఈ రెండు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది కానీ పని జరగడానికి అది చాలదు.

ఈ లోటు తీర్చే ఒక పద్ధతి పాఠాన్ని తలకిందులు చేయడం. వ్యవస్థను ముందు చెప్పి ఉదాహరణను చివర్లో తగిలించే బదులు, ఊళ్లో ఉన్న ఒక్క సమస్యను తీసుకుని, అది ఏయే కార్యాలయాల తలుపు తట్టాలో చివరిదాకా వెంబడించడం. అమెరికాలోని సెంటర్ ఫర్ సివిక్ ఎడ్యుకేషన్ రూపొందించిన ‘ప్రాజెక్ట్ సిటిజన్’ పాఠ్యక్రమం ఈ దారిలో నడిచేదే. అందులో విద్యార్థులు సమస్యను వివరించి, ఉన్న పరిష్కారాలను బేరీజు వేసి, తమ ప్రతిపాదన చెప్పి, దాన్ని అమలు చేయించే మార్గం చూపాలి. మన దగ్గరి పంచాయతీకి తగ్గట్టు ఆ పద్ధతిని మలచుకోవచ్చు. తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, తొమ్మిదో తరగతికి, ఏడు పీరియడ్లలో ఇలాంటి పాఠం ఎలా నడుస్తుందో చూద్దాం.

సమస్యను ఎంచుకోవడం

పాఠం నిలబడేదీ కూలేదీ ఇక్కడే. నిరుద్యోగం, మద్యపానం, కాలుష్యం లాంటివి పెద్ద సమస్యలే అయినా ఈ పాఠానికి పనికిరావు. వాటికి కారణాలు ఊరి పొలిమేర దాటి ఉంటాయి కాబట్టి చర్చ ఉపన్యాసంగా మారిపోతుంది. మరోవైపు, కాలిపోయిన ఒక వీధి దీపం మరీ చిన్న సమస్య. పంచాయతీ కార్యదర్శికి ఒక్క ఫోను చేస్తే బల్బు మారుతుంది, పాఠం అయిపోతుంది.

తగిన సమస్యకు మూడు గుర్తులున్నాయి. పిల్లలు నడిచి వెళ్లి కళ్లారా చూడగలిగి ఉండాలి. కొలవడానికి అందులో ఏదో ఒకటి ఉండాలి. కనీసం రెండు శాఖల బాధ్యతలు అక్కడ కలుసుకోవాలి. మూడో గుర్తు అన్నింటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఏ పని ఎవరి పరిధిలోదన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

బడి ముందు పొంగే మోరీకి ఈ మూడూ ఉన్నాయి. ఉదాహరణకు ఊరి పరిస్థితి ఇలా ఉందనుకుందాం. పై వీధిలోని 40 ఇళ్ల వాడుకనీరు సిమెంటు మోరీలో పారి, బడి పక్కగా వచ్చి, పెద్ద రోడ్డు కింది కల్వర్టులోకి పోవాలి. కల్వర్టుకు కొద్ది దూరంలోనే నీరు ఆగి గేటు ముందు మడుగు కడుతోంది. వాన పడితే పిల్లలు ఇటుకల మీద అడుగులేస్తూ లోపలికి రావాల్సి వస్తోంది.

మొదటి రెండు పీరియడ్లు: చూడటం, కొలవడం

మొదటి పీరియడులో తరగతి మొత్తం మోరీ వెంబడి మొదటి ఇంటి నుంచి కల్వర్టు దాకా నడుస్తుంది. ప్రతి జట్టు చేతిలో వీధి పటం ఉంటుంది. ఇళ్లు, నల్లాలు, మోరీ ఎక్కడ మొదలైంది, ఎక్కడ విరిగింది, ఎక్కడ దాని మీద ఇంటి మెట్లో దుకాణం ర్యాంపో కట్టారు అన్నవి పటంలో గుర్తు పెట్టాలి. మోరీ అసలే లేని వాడలను కూడా గుర్తించాలి. ఏ వాడకు సౌకర్యం అందింది, దేనికి అందలేదు అన్నది పటం మీద దానంతటదే తేలుతుంది. ఉపాధ్యాయుడు దాని మీద వ్యాఖ్య చేయాల్సిన అవసరం రాదు.

రెండో పీరియడులో కొలతలు. మొదటిది నీటి లెక్క. మిషన్ భగీరథ పథకాన్ని గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున ఇచ్చేలా రూపొందించారు. ఇంటికి నలుగురనుకుంటే 40 ఇళ్లకు రోజుకు 16,000 లీటర్లు. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందన్నది ఇంజనీర్లు సాధారణంగా పట్టుకునే లెక్క. ఆ ప్రకారం రోజుకు 12,800 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండున్నరకు పైగా, ఆ మోరీలోకి వస్తున్నాయి. ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాక పాత మోరీలు ఎందుకు చాలడం లేదో ఈ ఒక్క గుణకారంతో పిల్లలకు బోధపడుతుంది.

రెండోది వాలు లెక్క. తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు దీనికి చాలు. పారదర్శకమైన సన్నని పైపులో నీళ్లు నింపి రెండు కొసలు పైకి పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ మట్టం నుంచి మోరీ అడుగుకు ఎంత లోతుందో రెండు చోట్లా టేపుతో కొలవాలి. మీటరుకు అర సెంటీమీటరు చొప్పున వాలు ఉండాలనుకుంటే, 80 మీటర్ల మోరీలో కింది కొస పై కొస కన్నా 40 సెంటీమీటర్లు పల్లంలో ఉండాలి. కొలతలో ఆ తేడా 10 సెంటీమీటర్లే వచ్చిందనుకుందాం. అప్పుడు చెత్త వేయడం ఒక్కటే కారణం కాదని, మోరీ కట్టడంలోనే లోపం ఉందని తెలుస్తుంది. ‘జనం చెత్త వేస్తున్నారు కాబట్టి అవగాహన కల్పించాలి’ అనే రెడీమేడ్ జవాబు పిల్లల నోటి నుంచి తొందరగా వస్తుంది. దాన్ని ఆపగలిగేది ఇలాంటి కొలతే.

ఆరోగ్యం గురించి రాసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. మడుగును చూడగానే పిల్లలు ‘డెంగీ వస్తుంది’ అని రాస్తారు. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లలో నిలిచిన శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది. మురుగునీటిలో పెరిగేది క్యూలెక్స్ దోమ, అది బోదకాలును వ్యాపింపజేస్తుంది. అర్జీలో తప్పుడు కారణం రాస్తే అధికారి దాన్ని పక్కన పెట్టడం సులువు. ఊరి ఏఎన్ఎం‌ను ఒకసారి పిలిపించి అడిగితే ఈ సంగతి తేటపడుతుంది.

మూడో పీరియడు: ఇది ఎవరి పని?

ఈ పీరియడులో పటాన్ని బల్ల మీద పరిచి, గుర్తించిన ప్రతి చోటు పక్కనా బాధ్యుల పేరు కాదు, హోదా రాయాలి. పని చూసేందుకు సులువుగానే ఉన్నా అసలు పాఠం ఇక్కడే ఉంది.

మోరీ శుభ్రం చేయించడం గ్రామ పంచాయతీ పని. ఆ పని చేసేది పంచాయతీ నియమించిన మల్టీపర్పస్ వర్కర్లు, చూసుకునేది పంచాయతీ కార్యదర్శి. కార్యదర్శి ప్రభుత్వ ఉద్యోగి, సర్పంచ్ ఎన్నికైన ప్రతినిధి. ఒకరు నిర్ణయం చేసే సభకు అధ్యక్షులు, మరొకరు ఆ నిర్ణయాన్ని రాసి, అమలు చేయించి, లెక్క చూపేవారు. ఈ తేడా తెలియక ఒకరిని అడగాల్సింది మరొకరిని అడిగే పెద్దలు చాలామంది ఉంటారు.

మోరీ మళ్లీ కట్టాలంటే పంచాయతీ ఒక్కటే చాలదు. ఎంత పొడవు, ఎంత లోతు, ఎంత ఖర్చు అన్న అంచనా వేసేది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖ ఏఈ. పని అయ్యాక కొలతలు చూసి ఎంబుక్‌లో ఎక్కించేది కూడా ఆ శాఖే. నల్లా గొట్టం పగిలి నీరు కారుతోందనుకుంటే ప్రశ్న మరోటి. మిషన్ భగీరథలో ఊరి ట్యాంకు దాకా నీరు తెచ్చే పెద్ద లైన్ల నిర్వహణ ఆ పథకపు ఇంజనీర్లది, ఊరి లోపల నీటి పంపిణీ పంచాయతీది.

ఇక కల్వర్టు. బడి ముందరి పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖదైతే దాని కింది కల్వర్టు కూడా ఆ శాఖదే. పంచాయతీ తన డబ్బుతో దాన్ని తవ్వి పెద్దది చేయలేదు, ఆ శాఖ అనుమతి కావాలి. కాబట్టి ‘సర్పంచ్ పట్టించుకోవడం లేదు’ అన్న మాటలో ఎంత నిజముందో పిల్లలకు ఇప్పుడు కొలతగా తెలుస్తుంది. పూడిక తీయించకపోతే అది పంచాయతీ తప్పు, కల్వర్టు ఇరుకుగా ఉండటం మాత్రం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పట్టిక కొంత మారుతుంది. అక్కడ 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలయ్యాక ఊరిలోనే ఇంజనీరింగ్ అసిస్టెంట్ లాంటి ఉద్యోగులు వచ్చారు. పట్టణ పాఠశాలలో అయితే వార్డు కౌన్సిలర్, మున్సిపల్ కమిషనర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఈ పట్టికలోకి వస్తారు. హోదాలు మారినా అడగాల్సిన ప్రశ్నలు మూడే: పని ఎవరిది, డబ్బు ఎవరిది, సంతకం ఎవరిది?

నాలుగో పీరియడు: డబ్బు దారి

పంచాయతీకి డబ్బు ప్రధానంగా రెండు వైపుల నుంచి వస్తుంది. ఇంటి పన్ను, నల్లా బిల్లు, సంత వేలం లాంటివి సొంత ఆదాయం. కేంద్ర ఆర్థిక సంఘం, రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చేవి గ్రాంట్లు. ఈ గ్రాంట్లను ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టడానికి వీల్లేదన్నది పిల్లలు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి.

దీనికి పదిహేనో ఆర్థిక సంఘం నిబంధన మంచి ఉదాహరణ. 2021-22 నుంచి 2025-26 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని ముందే ముడిపెట్టారు. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ లాంటి పనులకు. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. ఒక పంచాయతీకి ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకుంటే 3 లక్షలు పారిశుద్ధ్యానికే పోవాలి. అందులోంచే మురుగునీటి పనులకు డబ్బు దొరుకుతుంది. ‘డబ్బుల్లేవు’ అన్న జవాబు ఎదురైనప్పుడు ఏ పద్దులో లేవని అడగడం ఇక్కడే నేర్చుకుంటారు.

ఈ పీరియడుకు ఫోనో కంప్యూటరో ఒకటి ఉంటే చాలు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే eGramSwaraj వెబ్‌సైట్లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఏయే పనులు చేర్చారో కనిపిస్తుంది. బడి ముందరి మోరీ ఆ జాబితాలో లేదంటే, ఈ ఏడాది ఆ పనికి డబ్బు అడగడం కష్టమని, వచ్చే ప్రణాళికలో చేర్పించడమే మార్గమని అర్థమవుతుంది. ప్రణాళికలో ఉండీ పని జరగలేదంటే అడగాల్సిన ప్రశ్న పూర్తిగా వేరు.

సంతకాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు కలిపి జాయింట్ చెక్ పవర్ ఇచ్చింది. ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు కదులుతుంది. ఒకరి మీద ఒకరికి నిఘా ఉండాలన్నది ఉద్దేశం. ఇద్దరికీ పడకపోతే పనులు ఆగిపోవడం దాని రెండో ముఖం. రెండూ చెప్పినప్పుడే చట్టం పిల్లలకు నిజంగా అర్థమవుతుంది.

అయిదో పీరియడు: మూడు దారులు, మూడు ఖర్చులు

కొలతలు, బాధ్యులు, పద్దులు చేతికొచ్చాక పరిష్కారాలను పక్కపక్కన పెట్టాలి. మొదటిది పూడిక తీయించడం. ఖర్చు తక్కువ, కార్యదర్శి స్థాయిలోనే అయిపోతుంది. అయితే వాలు లేదు కాబట్టి కొన్ని వారాల్లో మళ్లీ నిండుతుంది. రెండోది వాలు సరిచేసి మోరీ కట్టడం, కల్వర్టు దగ్గర వెడల్పు చేయడం. ఇది శాశ్వతమే కానీ అంచనా, తీర్మానం, మంజూరు, రోడ్లు భవనాల శాఖ అనుమతి అన్నీ కావాలి. దారిలో కొందరి మెట్లు, ర్యాంపులు తొలగించాలి.

మూడోది నీటిని మోరీలోకే రాకుండా ఎక్కడికక్కడ ఇంకించడం. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ గ్రామం ఇంటింటా ఇంకుడు గుంతలతో పేరు తెచ్చుకుంది. నలుగురున్న ఇంటికి రోజుకు దాదాపు 320 లీటర్ల మురుగు అనుకుంటే, దాన్ని గుంత ఇంకించుకోగలదా అన్నది నేల మీద ఆధారపడుతుంది. బడి ఆవరణలో అడుగు లోతు గుంత తవ్వి, నీళ్లు పోసి, మట్టం ఎంతసేపటికి ఎంత తగ్గుతుందో పిల్లలే చూడొచ్చు. ఎర్ర చెలక నేల త్వరగా పీల్చుకుంటుంది, నల్లరేగడి తడిసి ఉబ్బి నీటిని నిలబెట్టేస్తుంది. ఒక ఊళ్లో నెగ్గిన పథకం పక్క ఊళ్లో ఎందుకు ఓడిపోతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. పైగా గుంతకు పెరట్లో చోటు కావాలి, చోటు లేని ఇళ్ల సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆరో పీరియడు: తరగతిలో గ్రామసభ

గ్రామసభలో సభ్యులు పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్నవారంతా. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు సభ్యులు కారు కాబట్టి సభను తరగతిలోనే నడపాలి. తెలంగాణ చట్టం ప్రకారం నిజమైన గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. వీలైతే పిల్లలు పెద్దలతో కలిసి ఒక సభను వెనక కూర్చుని చూసి రావచ్చు. కర్ణాటకలో పిల్లల కోసమే ‘మక్కళ గ్రామసభ’ పేరుతో పంచాయతీలు సభలు పెట్టి వారి సమస్యలు వింటాయి.

తరగతి సభలో పాత్రలను ఆలోచించి పంచాలి. సర్పంచ్, కార్యదర్శి, ఏఈ మాత్రమే ఉంటే చర్చ జరగదు. ర్యాంపు పోతే గిరాకీ పోతుందని భయపడే దుకాణదారు ఉండాలి. ‘మా వాడకు మోరీయే లేదు, ఉన్న మోరీని మళ్లీ కట్టడమేమిటి’ అనే మహిళ ఉండాలి. ఇంటి పన్ను క్రమంగా కట్టే పెద్దమనిషి, మూడేళ్లుగా కట్టని మనిషి ఇద్దరూ ఉండాలి. అప్పుడే ఒక న్యాయమైన కోరిక ఇంకో న్యాయమైన కోరికకు అడ్డుపడటం పిల్లలు చూస్తారు. స్థానిక ప్రభుత్వం రోజూ చేసే పని ఈ రెంటి మధ్య తేల్చడమే.

సభ చప్పట్లతో కాదు, రాతతో ముగియాలి. కార్యదర్శి పాత్రలోని విద్యార్థి తీర్మానం రాస్తాడు: ఏ పని, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పద్దు నుంచి, ఎవరు చేయాలి, ఎప్పటికి. ఈ అయిదింటిలో ఒక్కటి లేకపోయినా అది తీర్మానం కాదు, కోరిక మాత్రమే. ‘మోరీ సమస్య పరిష్కరించాలని సభ తీర్మానించింది’ అని రాస్తే తిరిగి రాయించాలి.

ఏడో పీరియడు: అర్జీ, ఆ తర్వాత

చివరి పీరియడులో తరగతి ఒక పేజీ అర్జీ రాస్తుంది. అది పంచాయతీ కార్యదర్శికి, ప్రధానోపాధ్యాయుల ద్వారా. అందులో మోరీ పొడవు, రెండు కొసల మధ్య తేడా, రోజువారీ నీటి లెక్క, వీధి పటం, కోరుతున్న పని ఉంటాయి. రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి. ఈ చిన్న అలవాటు తర్వాతి జీవితంలో ఎన్నో చోట్ల పనికొస్తుంది. జవాబు రాకపోతే పైన మండల పంచాయతీ అధికారి, ఎంపీడీవో ఉన్నారని, సమాచార హక్కు చట్టం 2005 కింద అడిగితే 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలని చెప్పాలి. దరఖాస్తు మాత్రం పెద్దల పేరు మీద పెట్టడం మంచిది.

ఈ పాఠం దారి తప్పే చోట్లు కూడా తెలిసి ఉండాలి. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు ఇలాంటి అర్జీని ఏదో ఒక వర్గం తన ప్రచారానికి వాడుకుంటుంది, కాబట్టి ఆ నెలల్లో పాఠాన్ని వాయిదా వేయాలి. పిల్లల చేత ప్లకార్డులు పట్టించి ఊరేగింపు తీయిస్తే ఫొటో బాగుంటుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. పిల్లల చేత మోరీ తీయించడం అసలే తగదు. అది పాఠమూ కాదు, వారి పనీ కాదు. మోరీ బాగుపడితేనే పాఠం నెగ్గినట్టని లెక్క వేసినా పొరపాటే. అంచనా, మంజూరు, టెండరు దాటి పని మొదలయ్యేసరికి ఆ పిల్లలు పదో తరగతికి వెళ్లిపోవచ్చు.

పాఠం నెగ్గిందో లేదో తెలుసుకోవడానికి పరీక్షలో మోరీ గురించి అడగకూడదు. చర్చించని మరో సమస్య ఇవ్వాలి: ఊరి చెరువు తూము పాడైంది, లేదా అంగన్‌వాడీ పైకప్పు కారుతోంది. విద్యార్థి ముందుగా పని ఎవరిదో, డబ్బు ఏ పద్దులోదో, సంతకం ఎవరిదో విడదీసి రాశాడా? తెలియని చోట ‘ఫలానా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి’ అని రాశాడా? చెరువు తూము నీటిపారుదల శాఖ సంగతి అనీ, అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖ కిందిదనీ, భవనం మాత్రం ఎవరిదో వేరే కనుక్కోవాలనీ గుర్తించగలిగితే ఆ విద్యార్థికి పూర్తి మార్కులు ఇవ్వాలి. నిచ్చెన బొమ్మ గీసి ‘సర్పంచ్ చేయించాలి’ అని ఊరుకుంటే పాఠాన్ని మూడో పీరియడు నుంచి మళ్లీ చెప్పాలి.